చివరి పేజీ ఫొటో కింద ఎనిమిది మాటలు

1963 జూన్ 3, సోమవారం నాడు నేను నెల్లూరులోని ఒక తెలుగు వారపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఏడాది ప్రొబేషన్. ఆ కార్యాలయంలో కుర్చీలో కూర్చుని పనిచేసే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మాది పెన్న అవతల కోవూరు. వరి పండించే ఇల్లు. పొద్దున ఎనిమిదింటి బస్సులో వంతెన దాటి వచ్చి, సాయంత్రం అదే దారిలో వెళ్ళేదాన్ని. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, సముద్రం మా ఊరికి అంత దగ్గరలో ఉన్నా, చేపలు ఎలా అమ్ముడవుతాయో ఉద్యోగంలో చేరేనాటికి నాకు తెలియదు. జరిగిన తప్పులో దానికి వాటా ఉంది.

పత్రిక శుక్రవారం వెలువడేది. ఎనిమిది పేజీలు. చివరి పేజీలో పైన సగభాగం ఒకే ఫొటో. ఆ ఫొటో కింద ఒక వాక్యం రాయడం సబ్ ఎడిటర్ పనుల్లో అన్నిటికన్నా చిన్నదని నేననుకున్నాను. ఎడిటర్ రామచంద్రయ్య గారు అలా అనుకోలేదు. సంపాదకీయానికి గంట తీసుకునే ఆ మనిషి ఫొటో కింది వాక్యానికి ఒక పూట తీసుకునేవారు.

ఆయన పద్ధతి ఇది. ఒకే ఫొటోకు మూడు వాక్యాలు మూడు చీటీల మీద రాయాలి. ఒకటి నవ్వించేది, ఒకటి కవిత్వంలా ఉండేది, ఒకటి ముక్తసరిగా ఉన్నదున్నట్టు చెప్పేది. తర్వాత ఫోర్మన్ సుబ్బయ్యను పిలిచి, ఫొటో కింద ఒక్కో చీటీ పెట్టి చూపించాలి. సుబ్బయ్య అక్షరాలు కూర్చేవాళ్ళకు పెద్ద. ముప్పై ఏళ్ళ అనుభవం. అతన్ని బాగుందా అని అడగకూడదు. "కన్ను ముందు ఎక్కడికి పోయింది? తర్వాత ఎక్కడికి పోయింది?" ఈ రెండే అడగాలి. జవాబులు రాసుకోవాలి. ఎడిటర్ గారు అనేవారు, ఫొటో చూసేవాడి కన్నును చేయి పట్టుకుని నడిపించేది కింది వాక్యమేనని, ఎక్కడికి నడిపిస్తున్నామో మనకు తెలిసి ఉండాలని.

ఈ జవాబుల కోసం నేనొక నోటుబుక్కు పెట్టాను. అది ఇప్పటికీ నా దగ్గరుంది. ఇక్కడ రాసే తేదీలు, కొలతలు దానిలోవే.

1964 ఫిబ్రవరి 1, శనివారం సాయంత్రం మా ఫొటోగ్రాఫర్ విడవలూరు వైపు తీరంలోని ఒక పాలెంలో సూర్యాస్తమయం ఫొటో తీశాడు. పాలెం అంటే చేపలు పట్టేవాళ్ళ ఊరు. దాని పేరు అప్పుడూ వేయలేదు, ఇప్పుడూ వేయను. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, భూమి వైపు దిగుతాడు. అందుకని అస్తమయం కావాలంటే సముద్రానికి వీపు పెట్టాలి. అతను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఒడ్డు వైపు తిరిగి తీశాడు. వెనక తాటిచెట్లు, వాటి మధ్య సూర్యుడు. ముందు తడి ఇసుక. మధ్యలో ఒడ్డుకు లాగిన తెప్ప. తెప్ప పక్కన ఎదురెదురుగా ఇద్దరు మనుషులు, ఒక ఆడ, ఒక మగ. ఆకాశం బాగా రావాలని వెలుగు కొలత ఆకాశానికి పెట్టాడు కాబట్టి, సూర్యుడికీ కెమెరాకూ మధ్య ఉన్నవన్నీ నల్లగా వచ్చాయి. మనుషులకు ముఖాలు లేవు. ఆకారాలే.

సోమవారం ఫొటోను మద్రాసు పంపి బ్లాకు చేయించాం. జింకు పలక మీద ఫొటోను చుక్కలుగా మారుస్తారు. వార్తాపత్రిక కాగితానికి పెద్ద చుక్కలు కావాలి. చుక్క పెద్దదైతే సన్నని గీతలు పోతాయి. ఇది మాకందరికీ తెలిసిన సంగతే. దాని ఫలితం ఏమిటో అప్పుడు ఆలోచించలేదు.

బుధవారం, ఫిబ్రవరి 5న, బ్లాకు వచ్చింది. అందులో ఇద్దరి చేతులూ కలిసి ఉన్నట్టు కనిపించాయి. నేను మూడు చీటీలు రాశాను. కవిత్వపు చీటీ మొదటి ప్రతిలో సూర్యుణ్ణి సముద్రంలో ముంచాను. ఎడిటర్ గారు ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. నెల్లూరు వాళ్ళు చదివే పత్రికమ్మా, మన సముద్రంలో పొద్దు పొడుస్తుంది గాని కుంకదు అన్నారు. దిద్దిన తర్వాత మూడూ ఇవి.

నవ్వించేది: "సూర్యుడు ఇంటికి పోయినాడు. బేరం ఇంకా తెగలేదు." ఆరు మాటలు.

కవిత్వంలా ఉండేది: "పొద్దు వాలింది. ఇసుక మీద రెండు నీడలు ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి." ఎనిమిది మాటలు.

ముక్తసరిది: "సాయంత్రం. విడవలూరు తీరం." మూడు మాటలు.

ఆ ఇద్దరూ ఏం చేస్తున్నారని నేను ఫొటోగ్రాఫర్‌ను అడిగితే, ఏదో చేపల బేరం అన్నాడు. అంతకన్నా అతనికి తెలియదు. దాన్ని నవ్వించే చీటీలో వాడుకున్నాను. మిగతా రెండింటికి అక్కరలేదనుకున్నాను.

సుబ్బయ్య వచ్చాడు. మొదటి చీటీ పెట్టాను. చదివి పెదవి చివర నవ్వాడు. కన్ను ముందు మగమనిషి పొట్ట మీదికి పోయిందట, తర్వాత సూర్యుడి మీదికి. ఫొటో పక్కకు జరిపేశాడు. ఒక నవ్వుతో పని అయిపోయింది.

రెండో చీటీ. ఈసారి నవ్వలేదు. కన్ను ముందు ఆకాశం మీదికి పోయిందన్నాడు, తర్వాత ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలోకి. కాసేపు చూసి, "ఎవరమ్మా వీళ్ళు?" అని అడిగాడు.

మూడో చీటీ పెట్టినప్పుడు ఫొటోను అన్నిటికన్నా ఎక్కువసేపు చూశాడు. నాలుగు మూలలూ చూశాడు. నీళ్ళ అంచున ఒక కుక్క ఉంది. దాన్ని అప్పుడు కనిపెట్టాడు. అంతవరకూ మేమెవరమూ చూడలేదు. చివరికి, "ఇంతేనా? ఇంకేం రాయరా?" అన్నాడు.

ఇవన్నీ నోటుబుక్కులో రాశాను. "ఎవరమ్మా వీళ్ళు" అన్న ప్రశ్న కూడా రాశాను. నవ్వించే వాక్యం చూసి అదే సుబ్బయ్య ఆ ప్రశ్న అడగలేదు. ఎందుకంటే బేరమాడేవాళ్ళు ఎవరైతేనేం. ముక్తసరి వాక్యం చూసీ అడగలేదు. కవిత్వం చూశాకే అడిగాడు. ఆ తేడా నా చేతి రాతలోనే ఉంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఎడిటర్ గారు ఒక్కొక్కటే తూచారు. కష్టపడి బతికేవాళ్ళను చూసి ఊళ్ళోవాళ్ళు నవ్వే వాక్యం పెద్ద పత్రికకు తగదన్నారు. ముక్తసరి వాక్యం మంచిదే కాని, సగం పేజీ ఫొటో కింద మూడు మాటలు పెడితే పాఠకుడు మోసపోయినట్టు భావిస్తాడన్నారు. కవిత్వపు చీటీని పైకి తీసి, "దీనితో ఎవరికీ నష్టం లేదు" అన్నారు. నాకు సంతోషం వేసింది. ప్రొబేషన్‌లో ఉన్నదాని వాక్యం మార్పు లేకుండా అచ్చుకు పోవడం అదే మొదటిసారి. ఫిబ్రవరి 7, శుక్రవారం పత్రిక వెలువడింది.

ఫిబ్రవరి 10, సోమవారం పదకొండున్నరకు ముగ్గురు మనుషులు కార్యాలయానికి వచ్చారు. నలభై దాటిన ఒక స్త్రీ, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, నెరిసిన గడ్డంతో పెద్ద పొట్ట ఉన్న ఒక సాయిబు. ఆమె పేరు ఆదెమ్మ. అమ్మాయి ఆమె కూతురు పోలమ్మ. సాయిబు పేరు మస్తాన్, నెల్లూరులో ఎండుచేపల వ్యాపారి. ఆ పాలెంలో ఇరవై రెండేళ్ళుగా సరుకు కొంటున్నవాడు. ఆదెమ్మ నడుము దగ్గరి ముడిలోంచి మా చివరి పేజీని తీసి నా బల్ల మీద పరిచింది. నాలుగు మడతలు పడి ఉంది.

"ఇది రాసినోడు యాడుండాడు?" అంది.

ఎవరి గురించి అన్నాను.

"ఈ బొమ్మ కింద రాసినోడు. వాడికి అక్కచెల్లెళ్ళు ఉండారా లేదా, ఆ సంగతి అడగాల."

నేనే రాశానని చెప్పాను. ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. కోపంగా కాదు. తర్వాత కూతురి వైపు తిరిగి, "ఆడమనిషంట మేయ్" అంది. ఆ రెండు ముక్కల్లో ఉన్నంత తిట్టు నా ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో నేను మళ్ళీ పడలేదు.

జరిగింది మస్తాన్ గారు చెప్పారు. శనివారం పత్రిక పాలెం చేరింది. అక్కడ చదువు వచ్చినవాళ్ళు తక్కువ. రోజంతా అందరూ ఫొటో చూశారు. ముఖాలు లేకపోయినా తెప్పను బట్టి, పోలమ్మ నిలబడే తీరును బట్టి, సాయిబు పొట్టను బట్టి పోల్చుకున్నారు. మన పోలమ్మ పేపర్లో పడిందని సంబరపడ్డారు. ఆదెమ్మ ఇంటింటికీ తిప్పి చూపించింది. ఆదివారం పొద్దున బడిపంతులు టీ అంగడి దగ్గర కింది వాక్యాన్ని చదివి వినిపించాడు.

"చదవంగానే నోళ్ళు మూతపడినాయి తల్లీ" అన్నారు మస్తాన్ గారు. "నిన్నటిదాకా చూసిందే ఆ బొమ్మ. అదే బొమ్మను మళ్ళా తీసి చూసినారు. ఈసారి బొమ్మ చూసి, ఆడనే ఉన్న నా ముఖం చూసినారు."

దక్షిణంగా ఉన్న మరో పాలెంలో పోలమ్మకు సంబంధం కుదిరి ఉంది. తాంబూలాలు అయిపోయాయి. సాయంత్రానికే ఆ పాలేనికి మాట చేరింది, పత్రికా చేరింది. వచ్చే ఆదివారం, ఫిబ్రవరి 16న, రెండు పాలేల పెద్దలూ కూర్చుంటారు. సంబంధం నిలవాలా వదులుకోవాలా అన్నది అక్కడ తేలుతుంది. వదులుకుంటే ఆ తీరంలో ఏ పాలెంలోనూ మరొకరు అడగరు. మస్తాన్ గారిని ఇక ఇసుక మీద అడుగు పెట్టనివ్వరు. ఆయనకు యాభై ఆరేళ్ళు. "నా చిన్న కూతురు ఈ పిల్లకన్నా పెద్దది" అన్నారాయన. నీడకు వయసు ఉండదన్నది నాకు అప్పుడు తట్టింది.

చేతులు కలిసి ఉన్నాయి కదా, అందుకే అలా రాశాను అన్నాను నేను. అంతవరకూ గోడవైపు చూస్తున్న పోలమ్మ అప్పుడు మాట్లాడింది.

"చేతులు యాడ కలిసినాయి? ఆడ గంప ఉండాది."

వాళ్ళ పద్ధతి ఆ అమ్మాయే చెప్పింది. కొనేవాడు గంప అంచు మీద చేయి వేస్తే, బేరం తేలేదాకా మరొకడు ఆ గంప జోలికి రాకూడదు. అమ్మేమనిషి తన వైపు అంచు పట్టుకునే ఉండాలి. కొనేవాడు చెప్పిన ధరకు ఒప్పుకుంటే వదలాలి. ఆమె అడిగిన ధరకే కొనేవాడు ఒప్పుకుంటే అతను వదలాలి. ఎవరు ముందు వదిలితే వాళ్ళు తగ్గినట్టు. ఆ తీరంలో పిల్లలకు కూడా తెలిసిన కట్టుబాటు. కోవూరు నుంచి బస్సులో వచ్చే నాకు తెలియదు.

"ఆ పొద్దు సాయిబన్నే ముందు ఒప్పుకున్నాడు" అంది పోలమ్మ. "నేను గెలిచినాను. ఆ మాట రాయకపోతిరి."

"ఇప్పుడు దాని గురించి ఎందుకులే అమ్మాయ్" అన్నారు మస్తాన్ గారు, కాస్త సిగ్గుపడుతూ.

నేను ఫైలులోంచి అసలు ఫొటోను తీశాను. దానిలో గంప అల్లిక గీతలు కనపడతాయి. భూతద్దం పెడితే ఇద్దరి చేతుల మధ్య గంప అంచు స్పష్టంగా ఉంది. బ్లాకులో ఆ గీతలు చుక్కల్లో కలిసిపోయి, నాలుగు చేతులూ గంపా ఒకే నల్లటి ముద్ద అయ్యాయి. స్కేలు తెచ్చి మరొకటి కూడా కొలిచాను. ఇసుక మీద వాళ్ళ అసలు నీడలు కెమెరా వైపు పడ్డాయి. వాటి మధ్య దూరం పాదాల దగ్గర అంగుళం ముప్పావు. ఫొటో కింది అంచు దగ్గర రెండున్నర అంగుళాలు. సూర్యుడు వెనక ఉంటే నీడలు మన వైపు వస్తూ విడిపోతాయి. ఫొటోలో నీడలు దూరమవుతుంటే, నా వాక్యంలో ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. కింద రాసినదాన్ని నమ్మి, పైన కనపడేదాన్ని వేలమంది చూడలేదు. రాసిన నేనూ చూడలేదు.

ఎడిటర్ గారు అంతా విన్నారు. ఇలాంటి సందర్భాలకు పత్రికలో ఉండే పద్ధతి సవరణ. రెండో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు. ఆయన అప్పటికప్పుడు రాశారు: గత వారం చివరి పేజీలో ప్రచురించిన ఫొటోలోని స్త్రీపురుషుల మధ్య ఎలాంటి సంబంధమూ లేదని తెలియజేస్తున్నాము. సుబ్బయ్యను పిలిచి చూపించారు. సుబ్బయ్య చదివి, ఎవరూ అడగకుండానే చివరి పేజీ తిప్పి, ఇద్దరినీ తేరిపార చూశాడు. ఎడిటర్ గారు ఆ చీటీని చించేశారు.

అదే బ్లాకును వచ్చే శుక్రవారం మళ్ళీ వేద్దాం, కింద వేరే వాక్యంతో, అన్నాను. ఒకే ఫొటోను వరసగా రెండు వారాలు వేసిన పత్రిక లేదని ఆయనన్నారు. మళ్ళీ తనే, ఏ వాక్యంతో అని అడిగారు.

నేను మిగిలిన రెండు చీటీలూ తెచ్చి ఆదెమ్మ ముందు చదివాను. ముందు ముక్తసరిది. అందులో ఏ తప్పూ లేదు కాబట్టి అదే సరైందని నా నమ్మకం.

ఆదెమ్మ తల అడ్డంగా ఊపింది. "ముందే ఇది రాసుంటే సరిపోయుండు. ఒకసారి అంత మాట అన్నంక ఇప్పుడు ఊరకుంటే, ఉండే మాటే కాబట్టి నోరు మూసుకున్నారంటారు."

ఇందులో ఉన్న పని సూక్ష్మం నాకు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఉపయోగపడింది. ముక్తసరి వాక్యం ఫొటోను పాఠకుడికి వదిలేస్తుంది. పాఠకుడి మనసు ఖాళీగా ఉంటే ఫొటో చూస్తాడు. మనసులో ముందే ఒక కథ ఉంటే ఆ మౌనంలో ఆ కథనే చూస్తాడు. ఆ కథను పెట్టింది నేనే.

తర్వాత నవ్వించేది చదివాను. ముందు మస్తాన్ గారు నవ్వారు. పొట్ట కదిలింది. పోలమ్మ మూతి బిగించుకుంది గాని నిలవలేదు. ఆదెమ్మ నవ్వలేదు. "ఇంకోసారి చదువు" అంది. చదివాను. "గంప సంగతి కూడా పెట్టు. గంప అంటే వాళ్ళకు తెలుస్తాది" అంది. కష్టపడేవాళ్ళను చూసి నవ్వినట్టు ఉండదా అని ఎడిటర్ గారు ఆమెను అడిగారు. "నవ్వితే నవ్వనీ సామీ. నవ్వే నోరు ఇంకోటి అనదు" అంది.

మస్తాన్ గారు తన పేరు, వయసు వేయమన్నారు. ముసలివాడినని తెలిస్తే గొడవ తీరుతుందని ఆయన ఆలోచన. నేను ఒప్పుకోలేదు. పేరూ వయసూ పెడితే అది సంజాయిషీ అవుతుంది. పక్కన సంజాయిషీ ఉంటే ఆ వాక్యానికి ఎవరూ నవ్వరు. చివరికి తేలింది ఇది: "సూర్యుడు ఇంటికి పోయినాడు. గంప అంచు ఎవరూ వదలలేదు. బేరం ఇంకా తెగలేదు." ఆదెమ్మ దాన్ని మూడుసార్లు నా చేత చెప్పించుకుని, గొణుక్కుంటూ మెట్లు దిగింది. ఫిబ్రవరి 14న అదే బ్లాకు, అదే చోట, ఆ వాక్యంతో వెలువడింది. చేతుల దగ్గరి నల్లముద్దను మేమేమీ చేయలేకపోయాం. అది అలాగే ఉంది. మారింది కింది వాక్యమొక్కటే.

ఆదివారం ఎడిటర్ గారి అనుమతితో నేను ఆ పాలెం వెళ్ళాను. విడవలూరు దాకా బస్సు, అక్కడినుంచి నడక. పెద్దలు ఇసుక మీద పందిరి కింద కూర్చున్నారు. నేను ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. పెళ్ళికొడుకు తాత అటు పాలేనికి పెద్ద. కళ్ళు సరిగా కనపడవు. రెండు వారాల పేజీలూ తెచ్చి పక్కపక్కన పరిచారు. పంతులు మొదట పాతది చదివాడు. తర్వాత కొత్తది.

ఎవరూ నవ్వలేదు.

ఆ పంతులు నా రెండు వాక్యాలనూ ఒకే తీరున చదివాడు, పద్యం చదివినట్టు సాగదీసి, చివర గొంతు తగ్గించి. సూర్యుడు ఇంటికి పోవడం ఆ గొంతులో ఎవరో పోయిన వార్తలా వినిపించింది. గంప అంచు ఎవరూ వదలలేదన్నది మొదటి వాక్యంకన్నా ఘోరంగా ఉంది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు వదలలేదన్నట్టు. నేను మూడు వాక్యాలకు మూడు స్వభావాలు ఉన్నాయనుకున్నాను. స్వభావంలో సగం చదివేవాడి గొంతులో ఉంటుందని, మౌనంగా చదివే సుబ్బయ్య దగ్గర మాత్రమే పరీక్షించిన మాకు తెలియదు.

అటు పెద్దాయన, "ఇంకొకసారి చదవండి పంతులు గారా" అన్నాడు. పంతులు గొంతు సవరించుకునే లోపల ఆదెమ్మ ముందుకు వచ్చింది.

"పంతులుకేం తెలుసు బేరం. నేను చెప్తా" అని, నడుమున చేయి పెట్టి, తీరం మీద ధర కేకేసే గొంతుతో అంది. "సూర్యుడు ఇంటికి పోయినాడు! గంప అంచు ఎవరూ వదల్లా! బేరం ఇంకా తెగలా!"

ముందు నవ్వింది మగవాళ్ళు కాదు, నా ముందున్న ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకామె, "సాయిబు సంగతి తెలియదా, పొద్దు కుంకినా పైసా దిగడు" అంది. ఆ నవ్వు మగవాళ్ళ దాకా పాకింది. పెళ్ళికొడుకు తాత పేజీని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని వేలితో తడిమి, "గంప ఇదేనా?" అన్నాడు. ఇదేనన్నారు. నిజానికి అక్కడ నల్లముద్ద తప్ప ఏమీ లేదు. "మరి ఎవురు వదిలినారు ముందు?" అని అడిగాడు. సాయిబే అని నలుగురు అన్నారు. "అయితే పిల్ల గట్టిదే" అన్నాడు. సంబంధం నిలిచింది. పావుగంట పట్టలేదు.

నేను వెనక్కు తిరగబోతున్నాను. ఆడవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వులోనే ఈ పాలెం పెద్ద మామూలు గొంతుతో మరొక మాట చెప్పాడు. ఇట్లాంటి మాట మళ్ళీ రాకుండా, ఇకమీదట పెళ్ళికాని పిల్లలు సాయంత్రం ఒడ్డున గంప పట్టుకోకూడదు. అమ్మకం మగవాళ్ళో ముసలివాళ్ళో చూసుకుంటారు. ఎవరూ కాదనలేదు. అది తీర్పులా కూడా చెప్పలేదు. వల ఎక్కడ ఆరేయాలో చెప్పినట్టు చెప్పాడు. నేను పోలమ్మ వైపు చూశాను. ఆమె తల్లి వైపు చూస్తోంది. ఆదెమ్మ నేల వైపు చూస్తోంది.

ఆ పాలెంలో గంప పట్టుకునే పెళ్ళికాని పిల్లలు ఆనాటికి పదకొండుమంది. తర్వాత మస్తాన్ గారిని అడిగి రాసుకున్నాను. వాళ్ళలో పదిమంది ఫొటోలో లేరు.

సోమవారం జరిగినదంతా ఎడిటర్ గారికి రాసి ఇచ్చాను. ఆయన చదివి, తేదీ వేసి సంతకం చేసి, ఫైలులో పెట్టుకోమన్నారు. ఎవరికీ నష్టం లేదని తానన్న మాట నా నోటుబుక్కులో ఉందా అని అడిగారు. ఉందన్నాను. ఉండనీ అన్నారు. జూన్‌లో నన్ను పర్మనెంటు చేశారు.

1969లో నెల్లూరు చేపల మార్కెట్టులో పోలమ్మ కనిపించింది. చంకలో బిడ్డ. నన్ను తనే పోల్చుకుని, "ఏం అక్కా, ఇంకా రాస్తానే ఉండావా?" అంది. మీ ఆయన బాగున్నాడా అని అడిగాను.

"బాగుండాడు. ఇప్పుడు అమ్మేది ఆయనే." కొంచెం దూరంలో ఒక వ్యాపారితో మాట్లాడుతున్న మనిషిని గడ్డంతో చూపించింది. "మంచోడే. గంప మాత్రం ముందే వదిలేస్తాడు."

ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా ఫొటో కింది వాక్యాలకు నేను పాటించిన నియమాలు ఈ సంఘటన నుంచి వచ్చినవే. ఫొటోలో ఎవరున్నారో, వాళ్ళ వయసెంతో, చేతుల్లో ఏముందో తెలియకుండా రాయలేదు. బ్లాకు చూసి రాయలేదు, అసలు ఫొటో చూసి రాశాను. రాసినదాన్ని ఇద్దరి చేత పైకి చదివించాను, ఒకరు నెమ్మదిగా, ఒకరు కేకేసినట్టు. చూసినవాడు "ఎవరు వీళ్ళు" అని అడిగితే ఆ చీటీ పక్కన పెట్టాను. నవ్వించే వాక్యానికి ఒక్కరినైనా గాయపరిచే గుణం ఉంటుందని అందరికీ తెలుసు, అందుకే దాన్ని జాగ్రత్తగా రాస్తారు. ముక్తసరి వాక్యం మొదటిసారి చెప్పినప్పుడే పనిచేస్తుంది. అందమైన వాక్యాన్ని ఎవరూ అనుమానించరు కాబట్టి, ముందుగా దాన్నే అనుమానించాలి.